స్టైపెండ్‌లో కోసిన పది శాతం

చదువుకుంటూనే నెలకు పదో పదిహేనో వేలు సంపాదించే పిల్లలు ఇప్పుడు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఒకరు రాత్రిపూట ఆన్‌లైన్ కోచింగ్ సంస్థకు డౌట్లు తీరుస్తారు. మరొకరు చివరి సెమిస్టర్‌లో ఏదో కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తారు. ఇంకొకరికి ఫెలోషిప్ వస్తుంది. నెలాఖరున బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం చూసుకుంటే, మాట్లాడుకున్నదాని కంటే పది శాతం తక్కువ ఉంటుంది. అడిగితే ‘టీడీఎస్ కట్ అయింది’ అంటారు. అక్కడితో ఆ డబ్బు పోయినట్టేనని చాలామంది వదిలేస్తారు. మరికొందరికి ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన భయం ఉంటుంది. స్కాలర్‌షిప్ వస్తోంది కాబట్టి ఎక్కడ రిటర్న్ వేయాల్సి వస్తుందో, వేయకపోతే ఎక్కడ నోటీసు వస్తుందో అని.

ఈ గందరగోళం చాలావరకు మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటే అనుకోవడం వల్ల వస్తోంది. వచ్చిన డబ్బు అసలు ఆదాయం కిందికి వస్తుందా అన్నది మొదటిది. వస్తే, రిటర్న్ వేయడం చట్టప్రకారం తప్పనిసరా అన్నది రెండోది. తప్పనిసరి కాకపోయినా వేస్తే మనకే లాభమా అన్నది మూడోది. మొదటిదానికి ‘కాదు’ అని జవాబు వచ్చిన విద్యార్థికి కూడా మూడోదానికి ‘అవును’ అని రావచ్చు. విద్యార్థులు ఎక్కువగా నష్టపోయేది అక్కడే.

ముందు స్కాలర్‌షిప్ సంగతి చూద్దాం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 10(16) అనే చిన్న నిబంధన ఉంది. చదువు ఖర్చుల కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్‌పై పన్ను ఉండదన్నది దాని సారాంశం. దీనికి గరిష్ఠ పరిమితి లేదు. ఇచ్చేది ప్రభుత్వమే కావాలనీ లేదు. ట్రస్టు ఇచ్చినా, కంపెనీ ఇచ్చినా, కులసంఘం ఇచ్చినా ఒకటే. వచ్చిన ప్రతి రూపాయినీ ఫీజులకే ఖర్చుపెట్టినట్టు రుజువు చూపించాలనీ చట్టం అడగదు. చదువు ఖర్చు అంటే ట్యూషన్ ఫీజు ఒక్కటే కాదని, చదువుకోవడానికి అవసరమైన ఇతర ఖర్చులూ అందులోకి వస్తాయని కోర్టులు ఎప్పుడో చెప్పాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, స్కాలర్‌షిప్‌కు మినహాయింపు మారలేదు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన ఆదాయానికి 2026లో వేసే రిటర్న్ మాత్రం పాత చట్టం ప్రకారమే ఉంటుంది కాబట్టి, ఇక్కడ పాత సెక్షన్లనే వాడుతున్నాను.

అంటే మన రాష్ట్రాల్లో ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ ఖర్చులకిచ్చే ఉపకార వేతనం పన్ను లెక్కలోకి రావు. ఆ డబ్బు కాలేజీకి నేరుగా వెళ్లినా, తల్లి ఖాతాలో పడినా అది చదువు కోసమే ఇచ్చింది. నెట్ పాసై జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకున్న పరిశోధక విద్యార్థికి నెలకు 37,000 రూపాయలు వస్తాయి. ఏడాదికి 4,44,000. చూడ్డానికి పెద్ద మొత్తమే. అయినా పీహెచ్‌డీ చదువు కోసం ఇచ్చే ఫెలోషిప్ కాబట్టి దాన్ని 10(16) కింద మినహాయింపుగానే చూస్తారు. ఆ ఒక్క ఆదాయమే ఉన్న విద్యార్థి రిటర్న్ వేయాల్సిన అవసరం లేదు. ఇక్కడ ఇంకో సంగతి. ఇలాంటి ఫెలోషిప్ తీసుకుంటున్నంత కాలం మరో జీతం పని చేయకూడదని ఫెలోషిప్ నిబంధనల్లోనే ఉంటుంది. సాయంత్రం కోచింగ్ క్లాసులు చెబితే పన్నుపరంగా ఇబ్బంది లేకపోవచ్చు, ఫెలోషిప్ మాత్రం ప్రమాదంలో పడుతుంది. ముందు ఆ నిబంధనలు చదువుకోవాలి.

అదే పరిశోధనశాలలో పక్క బల్ల దగ్గర ప్రాజెక్టులో పనిచేసే రీసెర్చ్ అసోసియేట్ పరిస్థితి వేరు. ఆయనకు పీహెచ్‌డీ అయిపోయింది. ప్రాజెక్టు పని చేయడానికి నియమించుకున్నారు, దానికి డబ్బు ఇస్తున్నారు. కాగితం మీద ఫెలోషిప్ అని రాసినా అది పనికి ప్రతిఫలమే. మెడికల్ కాలేజీల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ఎండీ, ఎంఎస్ చదివే పీజీ విద్యార్థి వార్డుల్లో రాత్రింబవళ్లు పనిచేస్తాడు. అయినా ఆయన అక్కడున్నది కోర్సులో సీటు వచ్చిన విద్యార్థిగా. అలాంటి స్టైపెండ్‌కు 10(16) వర్తిస్తుందని ట్రిబ్యునల్ తీర్పు చెప్పిన సందర్భం ఉంది. అయినా కొన్ని ఆస్పత్రులు దాన్ని జీతంగానే లెక్కగట్టి పన్ను కోసి ఫారం 16 ఇస్తుంటాయి. కాబట్టి ఇది ఇప్పటికీ వాదనకు తావున్న విషయమే. పీజీ అయ్యాక చేసే సీనియర్ రెసిడెన్సీలో మాత్రం వాదన లేదు. అది ఉద్యోగం, వచ్చేది జీతం.

ఇలాంటి సందేహం వచ్చినప్పుడు నాలుగు విషయాలు చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది. మీ చేతిలో ఉన్నది అడ్మిషన్ లెటరా, అపాయింట్‌మెంట్ లెటరా? కోర్సు మానేస్తే ఆ డబ్బు ఆగిపోతుందా? పని సరిగా చేయకపోతే తీసేసే అధికారం అవతలివారికి ఉందా? పన్ను కోసి ఉంటే ఏ సెక్షన్ కింద కోశారు? 192 అని ఉంటే వారు జీతంగా భావించారు. 194జె అని ఉంటే వృత్తిపరమైన ఫీజు అనుకున్నారు. వారు అలా అనుకున్నంత మాత్రాన అదే నిజం కానక్కర్లేదు గానీ, ఆదాయపు పన్ను శాఖ కంప్యూటర్‌కు ముందుగా కనిపించేది అదే.

ఇక సంపాదన దగ్గరికి వద్దాం. ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే కరీంనగర్ అమ్మాయిని ఊహించుకుందాం. వయసు ఇరవై రెండు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. నాన్న హాస్టల్ ఖర్చులకు నెలకు ఐదు వేలు పంపుతాడు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఒక ఆన్‌లైన్ కోచింగ్ సంస్థకు నీట్ పిల్లల కెమిస్ట్రీ డౌట్లు తీరుస్తుంది. దానికి నెలకు 18,000. సంస్థ 194జె కింద పది శాతం, అంటే 1,800 కోసి 16,200 ఇస్తుంది. నానమ్మ తన పేర వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై ఏడాదికి 9,000 వడ్డీ వస్తుంది.

2025-26కు ఈ అమ్మాయి లెక్క ఇలా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై పన్ను లేదు. నాన్న పంపిన అరవై వేలు ఆదాయమే కాదు. తల్లిదండ్రులు పిల్లలకిచ్చే డబ్బుపై ఎంతయినా పన్ను ఉండదు. కోచింగ్ సంస్థ నుంచి రావాల్సింది మొత్తం 2,16,000. చేతికందిన 1,94,400 కాదు. ఆదాయంగా చూపాల్సింది కోతకు ముందున్న మొత్తమే. చాలామంది పొరబడేది ఇక్కడే. ఖాతాలో పడినంతే రాస్తారు. ఆ పనికోసం అయిన ఇంటర్నెట్, రాసే ట్యాబ్ వంటి ఖర్చులు 30,000 అనుకుంటే నికర ఆదాయం 1,86,000. వడ్డీ 9,000 కలిపితే 1,95,000.

కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు పన్ను లేదు. పాత విధానంలో చూసినా రెండున్నర లక్షల వరకు లేదు. అంటే ఈ అమ్మాయి కట్టాల్సిన పన్ను సున్నా. కానీ ఆమె పాన్ మీద ప్రభుత్వానికి ఇప్పటికే 21,600 చేరిపోయింది. అది పన్ను కాదు, ముందుగా పట్టి ఉంచిన ఆమె డబ్బు. రిటర్న్ వేయాలని చట్టం ఆమెను బలవంతపెట్టదు. వేయకపోతే మాత్రం ఆ 21,600 తనంతట తాను వెనక్కి రాదు.

అసలు కోత పడకుండానే ఆపలేమా అని అడుగుతారు. బ్యాంకు వడ్డీ అయితే ఫారం 15జి ఇచ్చి ఆపుకోవచ్చు. 194జె కింద వచ్చే ఫీజుకు ఆ ఫారం చెల్లదు. తక్కువ కోతకు ఆదాయపు పన్ను అధికారి దగ్గర ధ్రువపత్రం తెచ్చుకునే దారి ఒకటి ఉంది గానీ, ఇంత చిన్న మొత్తానికి ఎవరూ ఆ శ్రమ పడరు. అందుకే రిటర్న్ వేసి వాపసు తెచ్చుకోవడమే దారి. ఒకే సంస్థ ఏడాదికి ఇచ్చే వృత్తిపరమైన ఫీజు 50,000 దాటకపోతే 2025 ఏప్రిల్ నుంచి ఈ కోత ఉండదు. పాన్ ఇవ్వకపోయినా, పాన్‌కు ఆధార్ లింకు కాక అది పనిచేయని స్థితిలో ఉన్నా కోత పది శాతం కాదు, ఇరవై శాతం అవుతుంది.

ఇప్పుడు చిన్న మార్పు చేసి చూద్దాం. అదే ఏడాది ఆమెకు నెలకు 18,000 బదులు 21,000 వచ్చి ఉంటే? ఏడాది మొత్తం 2,52,000. కోసిన పన్ను 25,200. ఖర్చులు పోను ఆదాయం అప్పటికీ నాలుగు లక్షలకు చాలా తక్కువే. కట్టాల్సిన పన్ను అప్పటికీ సున్నానే. అయినా ఈసారి రిటర్న్ వేయడం తప్పనిసరి. ఏడాదిలో ఒకరి పాన్ మీద టీడీఎస్, టీసీఎస్ కలిపి 25,000 లేదా అంతకుమించి ఉంటే, ఆదాయం పరిమితిలోపే ఉన్నా రిటర్న్ వేయాలన్న నిబంధన 2022 నుంచి ఉంది. ఆదాయం లెక్క ఒక్కటే చూసుకుని ‘మనకు అక్కర్లేదు’ అనుకునే పిల్లలు దీన్ని గమనించరు. ఏడాదికి రెండున్నర లక్షల బిల్లు పది శాతం కోతతో వచ్చిందంటే ఈ గీత దాటినట్టేనని గుర్తుపెట్టుకుంటే చాలు.

తప్పనిసరి అయ్యే సందర్భాలు మరికొన్ని ఉన్నాయి గానీ విద్యార్థులకు తగిలేవి తక్కువ. మినహాయింపులు తీసేయకముందు మొత్తం ఆదాయం ప్రాథమిక పరిమితి దాటడం అందులో ముఖ్యమైనది. కొత్త విధానంలో పన్నెండు లక్షల వరకు పన్ను లేదంటారు కదా, అయితే ఆరు లక్షలున్నా వేయక్కర్లేదా అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నాలుగు లక్షలు దాటితే రిటర్న్ వేయాలి. పన్నెండు లక్షల దాకా పన్ను పడకపోవడం 87ఎ కింద ఇచ్చే రిబేటు వల్ల. ఆ రిబేటు కూడా రిటర్న్‌లోనే లెక్కకొస్తుంది. సొంత డబ్బుతో విదేశీ ప్రయాణానికి రెండు లక్షలకు మించి ఖర్చుపెట్టినవారు కూడా ఆదాయంతో నిమిత్తం లేకుండా వేయాలి. ఆ ఖర్చు నాన్న పెడితే ఆ బాధ్యత నాన్నది.

కరీంనగర్ అమ్మాయి రిటర్న్ ఎలా వేస్తుందో చూద్దాం, ఎందుకంటే తప్పులు జరిగేది అక్కడే. incometax.gov.in లో తన పాన్ నంబరుతో ఖాతా తెరుస్తుంది. ముందుగా చూడాల్సింది ఫారం కాదు, వార్షిక సమాచార నివేదిక. దాన్నే ఏఐఎస్ అంటారు. దాంతోపాటు ఫారం 26ఏఎస్ కూడా. కోచింగ్ సంస్థ కోసిన ప్రతి రూపాయీ, ఏ సెక్షన్ కింద కోసిందీ, బ్యాంకు ఇచ్చిన వడ్డీ అక్కడ కనిపిస్తాయి. సంస్థ డబ్బు కోసి, ఆ వివరాలను ప్రభుత్వానికి పంపకపోతే 26ఏఎస్‌లో ఆ వరుస ఉండదు. అప్పుడు సంస్థ అకౌంట్స్ వారికి మెయిల్ పెట్టి, వారు తమ టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిచేసేదాకా ఆగడం మంచిది. సాధారణంగా మార్చి త్రైమాసికం వివరాలు మే నెలాఖరుకు గానీ అందవు. అందుకే జూన్ మధ్యదాకా తొందరపడక్కర్లేదు.

తర్వాత ఫారం ఎంపిక. జీతం, వడ్డీ ఉన్నవారికి ఐటీఆర్-1 సరిపోతుంది. ఈమె ఆదాయం 194జె కింద వచ్చింది కాబట్టి అది జీతం కాదు, వృత్తి లేదా వ్యాపార ఆదాయం. దాన్ని ఐటీఆర్-1లో జీతం గడిలో రాస్తే, 26ఏఎస్‌లో వృత్తి ఫీజు, రిటర్న్‌లో జీతం కనిపించి రెండూ పొసగవు. బెంగళూరులోని ప్రాసెసింగ్ కేంద్రం ఇలాంటి రిటర్న్‌ను లోపభూయిష్టమైనదిగా తేల్చి 139(9) కింద నోటీసు పంపవచ్చు. దానికి పదిహేను రోజుల్లో సరిచేసి జవాబివ్వాలి. ఇవ్వకపోతే రిటర్న్ వేయనట్టే లెక్క. నోటీసు వచ్చేది పరీక్షల మధ్యలో, అదీ ఎప్పుడూ తెరవని మెయిల్‌కు అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పోర్టల్‌లో తమ్ముడిదో, మీసేవ కేంద్రం వారిదో కాకుండా సొంత మెయిల్, సొంత ఫోన్ నంబరు ఇవ్వాలి.

ఈమెకు సరిపడేవి ఐటీఆర్-4 లేదా ఐటీఆర్-3. ఐటీఆర్-4లో అంచనా పద్ధతులు రెండున్నాయి. 44ఎడిఎ కింద మొత్తం వసూళ్లలో సగం లాభంగా చూపితే చాలు. అయితే అది ఇంజినీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఐటీ, వైద్యం, న్యాయం వంటి కొన్ని వృత్తులకే. పాఠాలు చెప్పడం ఆ జాబితాలో లేదు. ఫ్రీలాన్స్‌గా సాఫ్ట్‌వేర్ రాసే బీటెక్ కుర్రాడికి అది పనికొస్తుంది. ట్యూషన్ చెప్పేవారికి చాలామంది అకౌంటెంట్లు 44ఎడి వాడతారు. దానికింద బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్లలో కనీసం ఆరు శాతం లాభం చూపాలి. అంతకంటే ఎక్కువ నిజంగా మిగిలితే ఆ ఎక్కువే చూపాలి. ఆరు శాతం చూపి ఊరుకోమని సలహా ఇచ్చేవారుంటారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే పనిలో తొంభై నాలుగు శాతం ఖర్చయిందంటే ఎవరు నమ్ముతారు? పైగా నిజమైన 1,86,000 చూపినా పన్ను సున్నానే అయినప్పుడు తక్కువ చూపి బావుకునేదేమీ లేదు. ఐటీఆర్-3లో అయితే అసలు ఖర్చులు తీసేసి నికర లాభం చూపవచ్చు. ఫారం కొంచెం పెద్దది.

స్కాలర్‌షిప్ తన చేతికొచ్చి ఉంటే దాన్ని ‘మినహాయింపు ఆదాయం’ భాగంలో 10(16) ఎంచుకుని రాయాలి. రాస్తే పన్ను పడదు. రేపు ఎవరైనా ఖాతాలో ఈ డబ్బెక్కడిదని అడిగితే జవాబు ముందే ఉంటుంది. బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ధ్రువీకరించి ఉంచాలి. బ్యాంకులో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక ఉండటం మన పిల్లల విషయంలో తరచూ జరుగుతుంది; పేర్లు కలవకపోతే ధ్రువీకరణ ఆగి, వాపసు కూడా ఆగిపోతుంది. రిటర్న్ సమర్పించాక ముప్పై రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. ఇది చేయకుండా పని అయిపోయిందనుకునేవారు చాలామంది. ధ్రువీకరించని రిటర్న్‌ను శాఖ లెక్కలోకే తీసుకోదు.

ఇంటర్న్‌షిప్ నుంచి ఉద్యోగంలోకి వెళ్లే ఏడాదికి ఇంకో చిక్కుంది. హైదరాబాద్‌లో ఒక బీటెక్ కుర్రాడు 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంటర్న్‌షిప్ చేశాడనుకుందాం. నెలకు 40,000 చొప్పున 1,20,000 వచ్చింది. పది శాతం, అంటే 12,000 కోశారు. జూలైలో మరో కంపెనీలో నెలకు 1,30,000 జీతంతో చేరాడు. మార్చి వరకు తొమ్మిది నెలలకు 11,70,000. కొత్త కంపెనీకి తెలిసింది ఆ జీతమే. అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 10,95,000. పన్నెండు లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా అని లెక్కగట్టి ఏమీ కోయలేదు. కుర్రాడు ఫారం 16 చూసి సంతోషించాడు.

ఇంటర్న్‌షిప్ డబ్బు కలిపితే మొత్తం 12,15,000 అవుతుంది. పన్నెండు లక్షలు దాటింది. మామూలుగా అయితే శ్లాబుల ప్రకారం 62,250 పన్ను పడాలి. కానీ పన్నెండు లక్షలు కొద్దిగా దాటినవారికి ఉపశమనం ఉంది. పరిమితికి పైన ఉన్న 15,000 మించి పన్ను తీసుకోరు. దాని మీద నాలుగు శాతం సెస్సు 600. మొత్తం 15,600. ఇంటర్న్‌షిప్ కంపెనీ కోసిన 12,000 పోతే ఇంకా 3,600 కట్టాలి. పెద్ద మొత్తం కాదు. కానీ ఈ కుర్రాడు ఫారం 16 ఒక్కటే చూసి రిటర్న్ వేసి, పైగా ఆ 12,000 వాపసు అడిగితే, ఆదాయం దాచి కోత మాత్రం తనదని అడిగినట్టవుతుంది. ఆ వ్యత్యాసం కంప్యూటర్‌కు వెంటనే కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన రోజే ఆ ఏడాది పాత సంపాదన ఎంతో కొత్త కంపెనీకి ఇచ్చే ఫారంలో రాస్తే ఈ సమస్యే రాదు. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ కదా, 10(16) కింద మినహాయింపు అడగవచ్చా అంటే, కంపెనీ ప్రాజెక్టు మీద పనిచేయించుకుని ఇచ్చిన డబ్బుకు ఆ వాదన నిలవడం కష్టం.

అమెరికా వెళ్లే మన పిల్లల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడి లెక్క ఇక్కడిదానికి దాదాపు తలకిందులు. అక్కడ ట్యూషన్ ఫీజుకు, కోర్సుకు తప్పనిసరైన పుస్తకాలకు వాడిన స్కాలర్‌షిప్‌పైనే పన్ను లేదు. తిండికీ అద్దెకూ ఇచ్చిన భాగంపై పన్ను ఉంటుంది. టీచింగ్ అసిస్టెంట్‌గా వచ్చేది జీతమే. ఎఫ్-1 వీసాపై వెళ్లినవారు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా నాన్ రెసిడెంట్లు కాబట్టి వేయాల్సింది 1040-NR. ఆదాయమే లేనివారు కూడా 8843 అనే ఫారం పంపాలి. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణ వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే వీలుంది. ఇతర దేశాల నాన్ రెసిడెంట్ విద్యార్థుల్లో చాలామందికి ఆ వెసులుబాటు లేదు. స్నేహితుడు వాడాడని మామూలు సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్ ఫారం 1040 నింపేవారు తర్వాత సవరణ రిటర్న్ వేసుకోవాల్సి వస్తుంది.

వెళ్లిన ఏడాదికి ఇండియాలోనూ ఒక బాధ్యత ఉంటుంది. ఉద్యోగం కోసం దేశం వదిలిన భారతీయుడు ఆ ఏడాది ఇక్కడ 182 రోజుల లోపు ఉంటే నాన్ రెసిడెంట్ అవుతాడు. చదువు కోసం వెళ్లినవారికి చట్టంలో ఆ వెసులుబాటు రాసిలేదు. ఆగస్టులో విమానం ఎక్కిన అమ్మాయి ఏప్రిల్ నుంచి అప్పటిదాకా అరవై రోజులకు మించి ఇక్కడే ఉంది, అంతకుముందు నాలుగేళ్లూ ఇక్కడే ఉంది. కాబట్టి మన చట్టం లెక్కలో ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికి ఆమె ఇక్కడి రెసిడెంట్. రెసిడెంట్‌కు విదేశంలో బ్యాంకు ఖాతా ఉంటే, అందులో వంద డాలర్లే ఉన్నా, ఆదాయం ఏమీ లేకపోయినా రిటర్న్ వేసి ఆ ఖాతాను విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపాలి. దానికి ఐటీఆర్-1, ఐటీఆర్-4 పనికిరావు, ఐటీఆర్-2 వేయాలి. అక్కడి జీతంపై అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ ఇస్తారు, అందుకు ఫారం 67 కావాలి. మరుసటి ఏడాది నుంచి ఆమె నాన్ రెసిడెంట్, ఈ బాధ్యత ఉండదు. పిల్లను విమానం ఎక్కించే ముందే ఆమె పాన్ పోర్టల్ పాస్‌వర్డ్, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు సంగతి చూసుకోవడం మంచిది. ఇక్కడి సిమ్ ఆగిపోతే ఆధార్ ఓటీపీ రాదు.

గడువు విషయానికొస్తే, ఐటీఆర్-1, ఐటీఆర్-2 మామూలుగా జూలై 31లోగా వేయాలి. పొడిగింపు ఉంటే శాఖ ప్రకటిస్తుంది. గడువు దాటినా డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్న్ వేయవచ్చు. ఆదాయం ఐదు లక్షల లోపుంటే ఆలస్య రుసుము 1,000, పైన ఉంటే 5,000. ప్రాథమిక పరిమితి కూడా దాటనివారు కేవలం వాపసు కోసం వేస్తే రుసుము ఉండదు. కరీంనగర్ అమ్మాయి నవంబరులో వేసినా ఆమె 21,600 మొత్తం ఆమెదే.

మరి మూడేళ్ల కిందట కోచింగ్ సంస్థ కోసిన డబ్బు సంగతి? అప్పుడు రిటర్న్ వేయలేదు, గడువులన్నీ దాటిపోయాయి. దానికీ దారి ఉంది. 119(2)(బి) కింద, ఆలస్యాన్ని మన్నించి వాపసు కోరే రిటర్న్ వేయనివ్వమని పోర్టల్ ద్వారానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోగా ఆ దరఖాస్తు చేరాలి. ఎందుకు ఆలస్యమైందో నిజంగా వివరించాలి. ఆ ఏడాది చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్, ఫారం 26ఏఎస్, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. అధికారి ఒప్పుకుంటే ఆ పాత ఏడాదికి రిటర్న్ వేసి డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆలస్యంగా అడిగినందుకు దానిపై వడ్డీ మాత్రం ఇవ్వరు.